ప్రొడక్షన్ సర్వర్‌లో ఒక్క కమాండ్ కోసం ఒక ఉత్తరం

ఐటీ ఆఫీసుల్లో మేనేజర్లకు తరచూ వచ్చే మెయిల్ ఒకటుంది. "సార్, ప్రొడక్షన్ సర్వర్లలో నాకు సుడో యాక్సెస్ లేక పని ఆగిపోతోంది. దయచేసి ఇప్పించగలరు. అర్జెంట్." అంతే, కింద పేరు. ఇలాంటి మెయిళ్లలో చాలావాటికి జవాబే రాదు. వచ్చినా "సెక్యూరిటీ వాళ్లు ఒప్పుకోరు" అన్న ఒక్క ముక్కతో సరి. నన్ను నమ్మడం లేదని అడిగినవాళ్లు నొచ్చుకుంటారు. కానీ ఆ మెయిల్లో నిజంగా ఏం అడిగారో చూస్తే, కాదన్నవాళ్లను తప్పుపట్టలేం.

ప్రొడక్షన్ సర్వర్ అంటే కస్టమర్లు నిజంగా వాడుతున్న కంప్యూటర్. మనం బస్సు టికెట్ బుక్ చేసినా, కరెంటు బిల్లు కట్టినా, ఆ లెక్క ఎక్కేది దాంట్లోనే. ప్రోగ్రామర్లు ప్రయోగాలు చేసుకోవడానికి వేరే సర్వర్లు ఉంటాయి. అక్కడ ఏం పాడైనా మళ్లీ కట్టుకోవచ్చు. ఇక్కడ పాడైతే బయట ఎవరిదో బిల్లు ఆగుతుంది. ఈ సర్వర్లలో ఎక్కువ భాగం నడిచేది లినక్స్ మీద. లినక్స్‌లో రూట్ అనే ఖాతాకు అడ్డూ అదుపూ లేదు. ఏ ఫైలైనా చదవగలదు, చెరపగలదు, ఎవరి పాస్‌వర్డైనా మార్చగలదు, చివరికి తాను చేసిన పనుల చిట్టాను కూడా తుడిచేయగలదు.

రూట్ పాస్‌వర్డ్ పదిమందికీ పంచకుండా, అవసరమైనవాళ్లకు అవసరమైన పని మాత్రం రూట్ హోదాలో చేసుకునే వీలు కల్పించేదే సుడో. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్స్ విభాగంలో బాబ్ కోగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ దీన్ని మొదట రాశారు. ఇది పనిచేసే తీరు తేలిక. కమాండ్ ముందు `sudo` అని టైప్ చేస్తాం. అది మన పాస్‌వర్డే అడుగుతుంది, రూట్‌ది కాదు. తర్వాత `/etc/sudoers` అనే జాబితా తెరిచి, ఈ మనిషికి ఈ మెషీన్‌లో ఈ కమాండ్ వాడే అనుమతి ఉందా అని చూస్తుంది. ఉంటే నడుపుతుంది, లేకుంటే తిప్పికొడుతుంది. రెండు సందర్భాల్లోనూ లాగ్‌లో రాసిపెడుతుంది.

ఆ జాబితాలో ఎవరి పేరు ఎదురుగానైనా `ALL` అని రాస్తే వాళ్లు రూట్ అయిపోయినట్టే. పై మెయిల్ అడిగింది ఆ `ALL`నే. అడిగినవాళ్లకు ఆ ఉద్దేశం ఉండి ఉండదు. కాకపోతే ఏం కావాలో చెప్పనప్పుడు చదివేవాళ్లు అన్నీ అడిగినట్టే తీసుకుంటారు.

మన ఊళ్లలో లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు. ఏ ఫీడరు, ఎవరు ఎక్కుతున్నారు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు తిరిగిస్తారు, అన్నీ రిజిస్టర్‌లో ఎక్కుతాయి. ఊరంతటికీ కరెంటు తీసేసే అధికారం ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. పరిమిత సుడో కోరే ఉత్తరం కూడా ఒక ఫీడరుకు ఎల్‌సీ అడిగినంత కచ్చితంగా ఉండాలి. మేనేజర్ కళ్లు మూసుకుని సంతకం పెట్టేది అలాంటి ఉత్తరం మీదే. కళ్లు తెరిచి చదివినా పెట్టేదీ దాని మీదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేర్లు, అంకెలు మచ్చుకి వేసుకున్నవే కానీ పరిస్థితి మాత్రం ఐటీలో అందరికీ ఎదురయ్యేదే. రాత్రంతా తెరిచి ఉండే మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. రెండు సర్వర్లు, `app01`, `app02`. వాటి మీద `billing` అనే సర్వీసు నడుస్తుంది. వారానికోసారి అది బిగుసుకుపోతుంది. ప్రాసెస్ బతికే ఉంటుంది కానీ పలకదు. ఆసుపత్రి ఎదురుగా ఉన్న షాపులో మందులు కౌంటర్ మీద ఉంటాయి, మనిషి డబ్బు పట్టుకుని నిలబడి ఉంటాడు, బిల్లు మాత్రం రాదు. నైట్ షిఫ్టులో ఉన్న సపోర్ట్ ఇంజినీరుకు రోగమూ తెలుసు, మందూ తెలుసు. సర్వీసును రీస్టార్ట్ చేస్తే నిమిషంలో తేరుకుంటుంది. కానీ ఆ కమాండ్ కొట్టే అనుమతి సిస్టమ్ అడ్మిన్‌కే ఉంది. ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు. టికెట్ వేయాలి, ఫోన్ చేయాలి, ఆయన లేచి లాప్‌టాప్ తెరిచి వీపీఎన్ కలుపుకోవాలి.

ఈ ఇంజినీరు ఇప్పుడు ఉత్తరం రాయాలి. రాయడానికి ముందు చేయాల్సింది కోతపని. తనకు రూట్ కావాలనిపించే పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, సుడో లేకుండా అయ్యేవన్నీ కొట్టేయాలి.

మొదట పోయేది లాగ్‌లు చదవడం. సుడో అడిగేవాళ్లలో చాలామంది చెప్పే కారణం ఇదే, నిజానికి దీనికి సుడో అక్కర్లేదు. డెబియన్, ఉబుంటు సర్వర్లలో `adm` అనే గ్రూపులో చేరిస్తే చాలా సిస్టమ్ లాగ్‌లు చదవొచ్చు. `systemd-journal` గ్రూపులో చేరిస్తే జర్నల్ మొత్తం కనిపిస్తుంది. బిల్లింగ్ లాగ్ డైరెక్టరీకి చదివే అనుమతి మాత్రం ఇచ్చినా సరిపోతుంది. ఇవేవీ రాయనివ్వవు, చెరపనివ్వవు. సర్వీసు నడుస్తోందో లేదో చూడటానికీ సుడో అవసరం లేదు, `systemctl status` ఎవరైనా కొట్టొచ్చు.

రెండోది కాన్ఫిగరేషన్ ఫైళ్లు మార్చడం. ఇది రాత్రి రెండింటికి సర్వర్‌లోకి దూరి చేసే పని కానే కాదు. మామూలు డిప్లాయ్‌మెంట్ దారిలో, ఇంకొకరు చూసి సరే అన్నాక వెళ్లాల్సిన మార్పు అది. దీన్ని ఉత్తరంలో అడిగితే మిగతా ఉత్తరం బరువు కూడా పోతుంది. ఇలా కొట్టేస్తూ పోతే చివరికి మిగిలింది ఒకే ఒక్క పని: రెండు సర్వర్ల మీద ఒక సర్వీసును రీస్టార్ట్ చేయడం.

ఒక మనిషికైనా, ఒక ప్రోగ్రాముకైనా పనికి సరిపడే కనీస అధికారమే ఉండాలని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో రాసిన ప్రసిద్ధ పత్రంలో సూత్రీకరించారు. ఆడిటర్లు ఇప్పటికీ దాన్నే పట్టుకుని ప్రశ్నలు వేస్తారు. కనీసం ఎంతో ముందు తేల్చాల్సింది అడిగేవాళ్లే. ఆ పని మేనేజర్‌కు వదిలేస్తే ఆయన తేల్చే కనీసం సున్నా.

ఒకే కమాండ్ అడిగితే ప్రమాదం లేదనుకోవడం కూడా పొరపాటే. పరిమితంగా కనిపిస్తూనే రూట్ మొత్తం చేతికిచ్చేసే అనుమతులు చాలా ఉన్నాయి. ఉత్తరం రాసేవాళ్లకు ఇవి తెలియకపోతే, తెలిసిన సెక్యూరిటీ ఇంజినీరు మొదటి చూపులోనే తిప్పి పంపుతాడు. తెలియని అడ్మిన్ ఇచ్చేస్తాడు, అది ఇంకా చెడ్డది.

ఒక ఫైలు దిద్దుకోవడానికి `sudo vi` కావాలని అడిగారనుకోండి. ఒక ఎడిటర్, ఒక ఫైలు, ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ విఐ లోపల ఉండగా ఇలా టైప్ చేసి ఎంటర్ నొక్కితే చాలు:

```
:!sh
```

ఎడిటర్ పక్కకు జరిగి కొత్త షెల్ తెరుచుకుంటుంది. ఎడిటర్ రూట్ హోదాలో నడుస్తోంది కాబట్టి ఈ షెల్ కూడా రూట్‌దే. ఆ తర్వాత ఏం చేసినా సుడో లాగ్‌లో మామూలుగా కనిపించేది "విఐ నడిపారు" అన్న ఒక్క ముక్కే. లాగ్‌లు పేజీలుగా చూపించే `less` కూడా ఇలాగే లోపలి నుంచి షెల్ తెరుస్తుంది. అందుకే `sudo systemctl status` లాంటి అమాయకపు అనుమతి కూడా ప్రమాదమైంది. స్క్రీన్‌లో పట్టనంత సమాచారం వస్తే అది తనంతట తానే `less` ను పిలుస్తుంది. 247 కంటే పాత సిస్టమ్‌డీ వెర్షన్లలోని ఈ లోపం 2023లో CVE-2023-26604 అనే నంబరుతో నమోదైంది. నిజంగా ఫైలు దిద్దాల్సిన పనే ఉంటే `sudoedit` అనే వేరే దారి ఉంది. అది ఫైలుకు నకలు తీసి, ఎడిటర్‌ను మన హోదాలోనే నడిపి, పని అయ్యాక నకలును అసలు చోట పెడుతుంది.

రెండో ఉచ్చు నక్షత్రం గుర్తు. బిల్లింగ్ లాగ్‌లు చదవనిస్తే చాలని అడిగితే అడ్మిన్ ఈ వరస రాశాడనుకుందాం:

```
%billing-oncall ALL=(root) /usr/bin/cat /var/log/billing/*
```

ఆ డైరెక్టరీలో ఉన్న ఫైళ్లు మాత్రమే అని దీని అర్థం అనుకుంటాం. సుడో అలా అనుకోదు. కమాండ్ తర్వాత వచ్చేదంతా దానికి ఒకే పొడవాటి తీగ. నక్షత్రం ఖాళీలతోనూ సరిపోతుంది, గీతలతోనూ సరిపోతుంది. కాబట్టి ఇది కూడా చెల్లుతుంది:

```
sudo cat /var/log/billing/app.log /etc/shadow
```

రెండో ఫైలులో ఆ మెషీన్ మీదున్న ఖాతాలన్నిటి పాస్‌వర్డ్ హ్యాష్‌లూ ఉంటాయి. సుడోయర్స్ మాన్యువల్‌లోనే దీనికి హెచ్చరిక ఉంది. మాన్యువల్ ఎవరు చదువుతారు, అది వేరే సంగతి.

"అన్నీ ఇచ్చి, ప్రమాదకరమైనవి మాత్రం తీసేద్దాం" అని `ALL` రాసి పక్కన ఆశ్చర్యార్థకంతో కొన్ని కమాండ్లు నిషేధించే అడ్మిన్లు కూడా ఉన్నారు. నిషేధించిన ప్రోగ్రాముకు వేరే పేరుతో కాపీ తీసి నడిపితే ఆ నిషేధం ఆవిరి. ఇవ్వాల్సినవి పేరుపేరునా రాయడం తప్ప ఇంకో దారి లేదు.

మూడో ఉచ్చు అన్నిటికంటే లోతైనది, మన ఉదాహరణకు నేరుగా తగిలేది. `billing` సర్వీసును రీస్టార్ట్ చేసే అనుమతి ఎంత సురక్షితమో ఆ కమాండ్‌ను చూసి చెప్పలేం. రీస్టార్ట్ అయ్యాక ఏ ప్రోగ్రాము మొదలవుతుంది, అది ఏ హోదాలో నడుస్తుంది, ఆ ప్రోగ్రాము ఫైలును ఎవరు మార్చగలరు అన్నవాటిని బట్టి ఉంటుంది. సర్వీసు రూట్ హోదాలో నడుస్తూ, దాని ప్రోగ్రాము ఫైలు మీద సపోర్ట్ టీముకు రాసే అనుమతి కూడా ఉందనుకోండి. వాళ్లు ఫైలులో తమకు కావాల్సింది రాసి, రీస్టార్ట్ కొడితే అది రూట్‌గా నడుస్తుంది. కాగితం మీద ఒక్క కమాండే, చేతిలో మొత్తం మెషీన్. స్క్రిప్టులకూ ఇదే వర్తిస్తుంది. ఎవరి హోమ్ డైరెక్టరీలోనో ఉన్న `restart.sh` కు సుడో ఇవ్వడం అంటే ఆ ఫైలు మార్చగలిగే ప్రతివాళ్లకూ రూట్ ఇవ్వడమే.

ఈ సంగతి ఉత్తరం రాసేవాళ్లే చూసుకోవచ్చు, దానికి సుడో అక్కర్లేదు:

```
systemctl cat billing.service
```

వచ్చిన దాంట్లో `User=` వరస చూడాలి. అక్కడ `billing` అనే ప్రత్యేక ఖాతా పేరుంటే మంచిది. ఆ వరసే లేకపోతే సర్వీసు రూట్‌గా నడుస్తున్నట్టు. తర్వాత `ExecStart=` ఎదురుగా ఉన్న దారి పట్టుకుని వెళ్లి, ఆ ఫైలుకూ అది ఉన్న డైరెక్టరీకీ యజమాని ఎవరో, తన గ్రూపుకు రాసే అనుమతి ఉందో లేదో `ls -ld` తో చూసుకోవాలి. ఈ రెండు ఫలితాలూ ఉత్తరంలో పెడితే, చదివే సెక్యూరిటీ ఇంజినీరు వేయబోయే ప్రశ్నకు జవాబు ముందే దొరికినట్టు.

ఇక సమర్థన. "పని ఆగిపోతోంది" అన్నది ఫిర్యాదుగానే మిగులుతుంది. సమర్థన టికెట్ల చరిత్రలో ఉంటుంది. మూడు నెలల టికెట్లు తీసి, ఈ సర్వీసు ఎన్నిసార్లు బిగుసుకుంది, ఎన్ని గంటలకు, టికెట్ వేసిన నిమిషం ఏది, రీస్టార్ట్ అయిన నిమిషం ఏది అని చూడాలి. టికెట్ వ్యవస్థ వేసిన ముద్రలే కాబట్టి వాటిని ఎవరూ కాదనలేరు. అడ్మిన్ ఆలస్యం చేశాడని ఎక్కడా రాయకూడదు. ఆయన నిద్రలోంచి లేచి వచ్చాడు. పైగా సుడోయర్స్‌లో వరస రాయాల్సిందీ ఆయనే.

ఇప్పుడు ఉత్తరం. ఆఫీసుల్లో ఇలాంటివి ఇంగ్లిషులోనే వెళ్తాయి కానీ, ఏ భాషలో రాసినా ఎముకలు ఇవే.

*మేనేజర్ గారికి,*

*విషయం: `app01`, `app02` సర్వర్లపై బిల్లింగ్ సర్వీసు రీస్టార్ట్‌కు పరిమిత సుడో అనుమతి, 2026 సెప్టెంబర్ 30 వరకు.*

*నమస్కారం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు బిల్లింగ్ సర్వీసు 11 సార్లు స్పందించడం మానేసింది. అందులో 8 సార్లు రాత్రి 11 నుంచి ఉదయం 6 మధ్యలో. ప్రతిసారీ రీస్టార్ట్‌తోనే సరైంది. టికెట్ వేసినప్పటి నుంచి రీస్టార్ట్ అయ్యేవరకు సగటున 38 నిమిషాలు పట్టింది. రీస్టార్ట్‌కు పట్టింది నిమిషం లోపే. ఆ వ్యవధిలో షాపుల్లో బిల్లులు ఆగాయి. టికెట్ నంబర్లు జతచేశాను.*

*నైట్ ఆన్‌కాల్‌లో ఉండే మా నలుగురి గ్రూపుకు కింది ఒక్క కమాండ్ అనుమతి కోరుతున్నాను. లాగ్‌లు చదవడానికి సుడో వద్దు, `systemd-journal` గ్రూపులో చేరిస్తే చాలు. కాన్ఫిగరేషన్ మార్పులు ఇప్పటిలాగే డిప్లాయ్‌మెంట్ ద్వారానే వెళ్తాయి. పాస్‌వర్డ్ అడగకుండా నడిచే వెసులుబాటు అడగడం లేదు.*

```
%billing-oncall app01,app02=(root) NOTAFTER=20260930182959Z /usr/bin/systemctl restart billing.service
```

*సర్వీసు `billing` ఖాతాలో నడుస్తోంది, రూట్‌గా కాదు. దాని ప్రోగ్రాము ఫైళ్ల మీదా, సర్వీసు ఫైలు మీదా మా గ్రూపుకు రాసే అనుమతి లేదు. పరిశీలించిన వివరాలు జతచేశాను.*

*ప్రతి రీస్టార్ట్‌కు ముందు ఆఖరి పది నిమిషాల లాగ్‌ను టికెట్‌కు జతచేస్తాం, అసలు లోపం వెతకడానికి డెవలపర్లకు అది కావాలి. ఒకే రాత్రి రెండుసార్లు బిగుసుకుంటే మూడోసారి మేం ముట్టుకోం, అడ్మిన్ గారికి ఫోన్ చేస్తాం. గ్రూపులోంచి ఎవరైనా టీం మారితే అదే రోజు పేరు తీయించే బాధ్యత నాది. గడువు లోపు లోపం సరిచేస్తే ముందే వెనక్కి ఇచ్చేస్తాం.*

*అనుమతి ఇవ్వడం కుదరకపోతే, ఇదే రీస్టార్ట్‌ను డిప్లాయ్‌మెంట్ టూల్‌లో ఒక బటన్‌గా పెట్టించినా మాకు సరిపోతుంది.*

ఉత్తరం అయిపోయింది. మేనేజర్ మూడు నిమిషాల్లో చదవగలడు, అడ్మిన్ ఆ వరసను అలాగే కాపీ చేసుకోగలడు. ఆ వరసను కొంచెం దగ్గరగా చూద్దాం, సగం ఉత్తరం అందులోనే ఉంది.

మొదట్లో `%` గుర్తు గ్రూపును సూచిస్తుంది. మనిషి పేరు రాయకుండా గ్రూపు పేరు రాస్తే, ఉద్యోగి వెళ్లిపోయినప్పుడు గ్రూపులోంచి తీస్తే చాలు, సుడోయర్స్ ఫైలు ముట్టుకోనక్కర్లేదు. తర్వాత రెండు మెషీన్ల పేర్లు. ఒకే సుడోయర్స్ ఫైలును కంపెనీలో అన్ని సర్వర్లకూ పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. అప్పుడు ఇక్కడ `ALL` అని ఉంటే డేటాబేస్ సర్వర్‌కు కూడా ఆ అనుమతి పాకుతుంది. `NOTAFTER` గడువు. సుడో 1.8.20 నుంచి ఉన్న ఈ సదుపాయం గురించి అనుభవం ఉన్న అడ్మిన్లకు కూడా చాలామందికి తెలియదు. చివర `Z` ఉంది కాబట్టి అది గ్రీనిచ్ సమయం. మన గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది. సెప్టెంబర్ 30 అర్ధరాత్రి వరకు కావాలంటే సాయంత్రం 18:29:59 అని రాయాలి. అక్కడ 235959 రాసేస్తే గడువు అక్టోబర్ 1 తెల్లవారుజాము దాకా కొనసాగుతుంది.

చివరి భాగం కమాండ్, పూర్తి దారితో, పూర్తి పేరుతో. ఇందులో అర్ధరాత్రి పీకమీదికి తెచ్చే చిన్న సంగతి ఉంది. మామూలుగా `systemctl restart billing` అన్నా పని జరుగుతుంది, `.service` అక్కర్లేదు. కానీ సుడో అక్షరం పొల్లుపోకుండా పోల్చి చూస్తుంది. `.service` లేకుండా కొడితే అనుమతి లేదని తిప్పికొడుతుంది. అనుమతి వచ్చినరోజే పగటిపూట `sudo -l` కొట్టి తనకు ఏం ఇచ్చారో చూసుకుని, ఆ కమాండ్‌ను అలాగే ఆన్‌కాల్ నోట్సులో అతికించుకోవాలి.

అడ్మిన్ వైపు కూడా ఒక జాగ్రత్త. ఈ వరసను `/etc/sudoers.d/` లో వేరే ఫైలుగా పెట్టడం మంచిది, కానీ ఆ ఫైలు పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని చదవకుండా వదిలేస్తుంది. `billing.oncall` అని పేరు పెట్టి, ఎందుకు పనిచేయడం లేదా అని తల పట్టుకునేవాళ్లుంటారు. ఇక ఆ ఫైళ్లను `visudo` తోనే దిద్దాలి. వ్యాకరణ దోషం ఉంటే అది అక్కడే పట్టుకుంటుంది. మామూలు ఎడిటర్‌తో దిద్ది తప్పు రాస్తే ఆ మెషీన్‌లో సుడో చిక్కుల్లో పడొచ్చు, సరిచేయడానికి మళ్లీ ఆ సుడోనే కావాలి.

మేనేజర్ కుర్చీలోంచి చూస్తే ఈ ఉత్తరానికి వేయాల్సిన ప్రశ్నలు ఇంకా రెండున్నాయి. మొదటిది, రేపు ఏదైనా జరిగితే ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది? సుడో లాగ్‌లో పడే వరస ఇలా ఉంటుంది:

```
Jul 12 02:21:07 app01 sudo: support3 : TTY=pts/1 ; PWD=/home/support3 ; USER=root ; COMMAND=/usr/bin/systemctl restart billing.service
```

ఎప్పుడు, ఏ మెషీన్, ఎవరు, ఏం కొట్టారు, అన్నీ ఉన్నాయి. అయితే నలుగురూ `support` అనే ఒకే లాగిన్ వాడుతుంటే ఈ వరసకు విలువ లేదు. లాగ్ ఆ సర్వర్ మీదే ఉండిపోతే కూడా అంతే, రూట్ దొరికినవాళ్లు దాన్ని తుడిచేయగలరు. వేరే లాగ్ సర్వర్‌కు ఎప్పటికప్పుడు వెళ్లిపోవాలి. మన దేశంలో దీనికి చట్టపరమైన వైపు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ ఐసీటీ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి.

రెండో ప్రశ్న ఇంకా సూటిది. సర్వీసు అసలు ఎందుకు బిగుసుకుంటోంది? పదకొండుసార్లు రీస్టార్ట్ చేశారంటే లోపం పదకొండుసార్లు కనిపించి వెళ్లిందని. తెలివైన మేనేజర్ ఈ ఉత్తరాన్ని ఆమోదిస్తూనే దీని నకలు డెవలపర్లకు పంపుతాడు. సర్వీసు దానంతట అదే లేచేలా చేయొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. సిస్టమ్‌డీలో `Restart=on-failure` అని పెడితే ప్రోగ్రాము కూలిపోయినప్పుడు మళ్లీ మొదలవుతుంది. కానీ మన బిల్లింగ్ కూలడం లేదు, బిగుసుకుంటోంది. దాన్ని పట్టుకోవాలంటే `WatchdogSec=` కావాలి. అంటే నేను బతికే ఉన్నానని ప్రోగ్రామే నియమిత వ్యవధిలో సిస్టమ్‌డీకి కబురు పంపాలి. అది డెవలపర్లు కోడ్‌లో రాయాలి. గడువు మూడు నెలలే ఎందుకు అడిగారో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ కోడ్ రాసే వరకే ఈ సుడో.

పరిమిత అనుమతి అన్నిటికీ మందు కాదని కూడా చెప్పాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు సెకండరీ డేటాబేస్ సర్వర్‌లోని డేటా డైరెక్టరీని చెరపబోయి, ప్రైమరీ సర్వర్ మీద చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే గుర్తించి ఆపినా, దాదాపు 300 జీబీలో మిగిలింది సుమారు 4.5 జీబీ. బ్యాకప్ పద్ధతులు కూడా అనుకున్నట్టు పనిచేయక దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఈ వివరాలన్నీ ఆ కంపెనీయే దాచకుండా బయటపెట్టింది. ఆ ఇంజినీరు అధికారం దొంగిలించలేదు. ఉన్న అధికారాన్ని తప్పు మెషీన్ మీద వాడాడు. సుడో జాబితా మనిషికి హద్దు గీస్తుంది, హద్దు లోపల జరిగే పొరపాటును ఆపదు. మన ఉత్తరంలో ఆ హద్దు లోపల జరగగల అతి పెద్ద పొరపాటు ఏమిటంటే, బాగా నడుస్తున్న సర్వీసును అనవసరంగా రీస్టార్ట్ చేయడం. నిమిషం పాటు బిల్లులు ఆగుతాయి. ఆ మాత్రం నష్టాన్ని భరించడానికి ఏ మేనేజరైనా ఒప్పుకుంటాడు.

కాబట్టి మేనేజర్లకు ఒక విన్నపం. సుడో కావాలని ఎవరైనా మెయిల్ పెడితే, వెంటనే కాదనకండి, అవుననకండి. "సుడోయర్స్‌లో రాయాల్సిన వరస ఏమిటో మీరే రాసి, గడువు తేదీతో పంపండి" అని ఒక్క జవాబు ఇవ్వండి. తిరిగొచ్చిన వరసలో కమాండ్ స్థానంలో `ALL` ఉంటేనో, నక్షత్రం ఉంటేనో, గడువు లేకపోతేనో వెనక్కి పంపండి. ఇవేవీ లేకుంటే ఆ వరసను అడ్మిన్‌తో ఒకసారి చూపించి, ఆరోజే ఇప్పించండి.